రూమ్ కన్ఫర్మ్ అయిందన్న మెసేజ్‌లో లింకును చివరి నుంచి చదవాలి

హోటల్ పేరు, గది ఫోటో, తేదీలు, బుకింగ్ నంబరు అన్నీ సరిగ్గానే ఉంటాయి. కింద 'అడ్వాన్స్ కట్టి గది ఖరారు చేసుకోండి' అంటూ ఒక లింకు. కేదార్‌నాథ్, సోమనాథ్ వంటి క్షేత్రాలకు వెళ్లేవారిని నకిలీ బుకింగ్ సైట్లు దోచుకుంటున్నాయని కేంద్ర హోం శాఖ సైబర్ విభాగం 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది.

తిరుమలదీ అదే కథ. 2023లో టీటీడీ ఫిర్యాదు చేసిన ఒక నకిలీ సైటు చిరునామా tirupatibalaji-ap-gov.org. అప్పటి అసలు చిరునామా tirupatibalaji.ap.gov.in. రెండింటికీ తేడా రెండు చుక్కల స్థానంలో రెండు గీతలు, చివర in బదులు org. హడావుడిలో ఉన్న భక్తుడు మోసపోతే అది అతని తెలివితక్కువతనం కాదు. వాళ్లు చిరునామా తయారుచేసిందే అందుకు.

పట్టుకునే మార్గం ఉంది. లింకులో https:// తర్వాత వచ్చే మొదటి అడ్డగీత వరకే చూసి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. gov.in అని ముగిసే చిరునామా ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. .org ఎవరైనా కొనుక్కోవచ్చు. దాని ముందు గీతలతో 'ap-gov' అని ఇరికించినా అది ప్రభుత్వానిది అయిపోదు. పక్కన తాళం గుర్తు ఉందని ధీమా పడటానికీ లేదు. దొంగ సైటుకూ ఆ తాళం దొరుకుతుంది. టీటీడీ ఇప్పటి చిరునామా ttdevasthanams.ap.gov.in.

ప్రైవేటు హోటళ్లకు gov.in ఉండదు కాబట్టి అక్కడ డబ్బు ఎవరికి చేరుతోందో చూడాలి. యూపీఐలో పిన్ కొట్టే ముందు ఖాతాదారు పేరు తెర మీద కనిపిస్తుంది. పెద్ద హోటల్ పేరు చెప్పి, అక్కడ ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోవాలి. చిన్న లాడ్జీల్లో యజమాని సొంత ఖాతా వాడటం మామూలే కనుక, పేరొక్కటే చూసి తేల్చేయలేం. రెండో ఫోన్ వచ్చిందంటే మాత్రం అనుమానం అక్కర్లేదు. ఉదాహరణకు 2,000 రూపాయలు కట్టాక, 'మీ డబ్బు బుకింగ్ నంబరుకు జమ కాలేదు, మళ్లీ 4,000 వేయండి, మొదటిది వెనక్కి వస్తుంది' అంటారు. డబ్బు తిరిగి ఇవ్వడానికి మళ్లీ కట్టించుకునే హోటల్ ఎక్కడా ఉండదు.

అనుమానం వస్తే మెసేజ్‌లోని నంబరుకు చేయకూడదు, మాట్లాడేది వాళ్లే. గూగుల్ మ్యాప్‌లో నంబర్లనూ మోసగాళ్లు మార్చిన సందర్భాలున్నాయి. హోటల్ సొంత సైటులో, మ్యాప్‌లో, అక్కడి బోర్డు ఫోటోలో ఒకే నంబరు ఉందేమో పోల్చి, రిసెప్షన్‌కు చేసి, 'ఫలానా తేదీకి ఈ పేరు మీద గది రాసి ఉందా?' అని అడగాలి.

బుకింగ్ యాప్‌లో నిజంగానే గది తీసుకున్నవారికి ఇంకో చిక్కు. హోటల్ లాగిన్‌ను దొంగిలించినవాళ్లు అసలు వివరాలతో, ఆ యాప్ చాట్‌లోనే 'కార్డు మళ్లీ ధ్రువీకరించకపోతే గది రద్దు' అని రాస్తారు. లింకు నొక్కకుండా యాప్‌లో 'నా బుకింగ్స్' తెరిచి చూడాలి. నిజంగా బాకీ ఉంటే అక్కడే కనిపిస్తుంది.

డబ్బు వెళ్లిపోతే వెంటనే 1930కి ఫోన్ చేసి, లావాదేవీ నంబరు చెప్పాలి. సొమ్ము మరో ఖాతాకు మారకముందే సమాచారం అందితే బ్యాంకులు దాన్ని ఆపగలుగుతాయి. ఫిర్యాదును cybercrime.gov.in లోనూ నమోదు చేయవచ్చు.