ప్రసంగంలో పఠించిన ఆయత్ – ఆంగ్లానువాదంలో దాని స్థానం

హిజ్రీ 11వ సంవత్సరంలో (క్రీ.శ. 632) దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇహలోకాన్ని వీడినప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆ వార్తను నమ్మలేకపోయారు. అప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) ప్రజల ముందుకు వచ్చి క్లుప్తంగా ప్రసంగించారు. ముహమ్మద్‌ను ఆరాధించేవారు ఆయన మరణించారని, అల్లాహ్‌ను ఆరాధించేవారు అల్లాహ్ సజీవుడని, ఆయనకు మరణం లేదని తెలుసుకోవాలని చెప్పారు. పిదప ఆలి ఇమ్రాన్ సూరాలోని 144వ ఆయత్‌ను పఠించారు. ఆ ఆయత్ అవతరించిన సంగతి అప్పటివరకు తమకు తెలియనే తెలియదన్నట్లుగా జనం విన్నారని, ఉమర్ (రజి) కాళ్ళలో సత్తువ లేక నేలకొరిగారని సహీహ్ బుఖారీ ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి.

ఉమర్ (రజి)ను కదిలించినది అబూబక్ర్ (రజి) సొంత అభిప్రాయం కాదు. తాను వింటున్నది అల్లాహ్ వాక్కు అన్న గుర్తింపు. అరబీ శ్రోతకు ఆ మార్పు చెవికే తెలిసిపోతుంది. ఆంగ్ల పాఠకునికి ఆ సౌకర్యం లేదు. ప్రసంగమంతటినీ ఒకే తీరులో అనువదిస్తే మొదటి నుండి చివరి వరకు ఒక మనిషి మాటలే అతనికి వినిపిస్తాయి. అందుచేత ఆయత్‌ను చుట్టూ ఉన్న వచనం నుండి వేరుచేసి చూపవలసి ఉంటుంది.

మొదటి పని ఆయత్ హద్దులు కనుగొనడం. ప్రాచీన అరబీ ప్రతులలో ఉల్లేఖన చిహ్నాలు ఉండవు. ఈ ప్రసంగపు ఒక ఉల్లేఖనంలో ఆయత్‌కు ముందు ‘అల్లాహ్ సెలవిచ్చాడు’ అనే మాట ఉన్నందున ఆరంభం సులభంగానే తెలుస్తుంది. చిక్కు ముగింపు దగ్గర వస్తుంది. ఉల్లేఖకుడు ఆయత్ ఆరంభాన్ని మాత్రమే చెప్పి, ‘అష్షాకిరీన్ అనే పదం వరకు’ అని కుదించాడు. ఆ కుదింపు అతని మాట, వక్త మాట కాదు. దాన్ని చిహ్నాల లోపల ఉంచితే అబూబక్ర్ (రజి) అనని మాటను ఆయనకు అంటగట్టినట్లవుతుంది. కాబట్టి అనువాదకుడు ముస్‌హఫ్ తెరచి పదం పదం సరిచూసుకోవాలి. ఆయత్‌ను పూర్తిగా ఇవ్వాలి, లేదా ఉల్లేఖకుని మాటను చిహ్నాల వెలుపల ఉంచాలి. సూరా, ఆయత్ సంఖ్యల స్థానం కూడా వెలుపలే; వక్త వాటిని పలకలేదు.

రెండవ పని అనువాదాన్ని ఎంచుకోవడం. వక్త సొంత మాటలను అనువాదకుడు తన ఆంగ్లంలో చెప్పవచ్చు. ఆయత్‌కు మాత్రం ప్రసిద్ధమైన ఒకే అనువాదాన్ని ఆద్యంతం వాడి, దాని పేరు తెలపడం మేలు. హైదరాబాద్ నిజాం కొలువులో పనిచేసిన మార్మడ్యూక్ పిక్తాల్ 1930లో ప్రచురించిన అనువాదాన్ని తీసుకుందాం. అందులోని పాతకాలపు ‘యీ’, ‘డైయెత్’ వంటి రూపాలే స్వరం మారిందని పాఠకునికి తెలుపుతాయి. అర్థం కోసం ఆయన కుండలీకరణాలలో చేర్చిన మాటలను అలాగే ఉంచాలి. వాటిని తీసివేస్తే అనువాదకుని మాట ఆయత్‌లో కలిసిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. మరణాన్ని తెలిపే ‘మాత’ అనే క్రియ అబూబక్ర్ (రజి) సొంత వాక్యంలోనూ ఉంది, ఆయత్‌లోనూ ఉంది. ఆ రెంటినీ కలిపే ముడి అదే. మర్యాద కోసం వక్త వాక్యంలో ‘పాస్డ్ అవే’ అని రాస్తే ఆ ముడి తెగిపోతుంది. అంతేకాదు, పూర్వ ప్రవక్తలు గతించారని చెప్పే ‘ఖలత్’ అనే వేరొక పదానికి పిక్తాల్ వాడినది ఆ మాటనే. పాఠకుడు లేని సంబంధాన్ని చూస్తాడు, ఉన్న సంబంధాన్ని కోల్పోతాడు. ఆయత్ అనువాదాన్ని మనం మార్చలేము గనుక, దానికి అనుగుణంగా వక్త వాక్యంలోనే ‘డెడ్’ లేక ‘డైడ్’ అనే సూటి పదాన్ని వాడాలి.

వక్త ఆయత్‌ను తన వాక్యంలో అల్లుకున్నప్పుడు మరింత జాగ్రత్త అవసరం. దీన్ని ‘ఇఖ్తిబాస్’ అంటారు. హిజ్రీ 75లో హజ్జాజ్ బిన్ యూసుఫ్ కూఫా వాసులను బెదిరిస్తూ చేసిన ప్రసంగం ఇందుకు ఉదాహరణ. నహ్ల్ సూరా 112వ ఆయత్‌లో అల్లాహ్ ఒక పట్టణాన్ని దృష్టాంతంగా చెబుతాడు. హజ్జాజ్ ఆ ఆరంభాన్ని వదలి, ‘మీరు ఒక పట్టణ వాసుల వంటివారు’ అని తన మాటతో మొదలుపెట్టి, ఆ పట్టణపు వర్ణనను ఆయత్ పదాలతో కొనసాగించాడు. ఉల్లేఖన చిహ్నం ‘పట్టణం’ అన్న మాట తరువాతనే రావాలి. ‘మీరు’ అనే పదం దాని లోపల పడితే, ఒక పాలకుని బెదిరింపు అల్లాహ్ హెచ్చరికగా మారిపోతుంది.

అనువాదం ముగిశాక చిహ్నాల లోపలి భాగాలను విడిగా రాసుకొని ముస్‌హఫ్‌తోను, ఎంచుకున్న అనువాదంతోను పోల్చిచూడాలి. వాటిలో ఒక్క పదం అదనంగా కనిపించినా హద్దు ఎక్కడో తప్పిందని అర్థం.