నచ్చితేనే అమ్మకం

మార్చి 25న ఒక హోల్‌సేల్ వ్యాపారి పది పట్టుచీరలను అప్రూవల్ మీద ఓ దుకాణానికి పంపాడు. ఒక్కో చీర అసలు ఖరీదు 4,000 రూపాయలు, అమ్మకం ధర 5,000. నచ్చనివి 15 రోజుల్లో తిప్పి పంపవచ్చు. మార్చి 31 నాటికి ఆరు చీరలు ఉంచుకుంటామని కబురొచ్చింది. మిగతా నాలుగింటి సంగతి తేలలేదు.

సరుకు గడప దాటినంత మాత్రాన అమ్మకం కాదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 24వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు సమ్మతి తెలిపినప్పుడో, సరుకును వేరొకరికి అమ్మడంలాంటి సొంతదారు పని చేసినప్పుడో, తిరస్కరించకుండా గడువు దాటించినప్పుడో అది అతని సొంతమవుతుంది. గడువు చెప్పుకోకపోతే సముచితమైన కాలం చూస్తారు.

కాబట్టి ఈ ఏడాది అమ్మకం 30,000 రూపాయలే. నాలుగు చీరలు పరాయి బీరువాలో ఉన్నా, అసలు ఖరీదు లెక్కన 16,000 రూపాయల నిల్వగా వ్యాపారి ఖాతాలోనే ఉండాలి. పదీ అమ్మినట్టు రాస్తే, రాని లాభం 4,000 రూపాయలు చేరుతుంది.

అందుకే పంపిన తేదీ, గడువు, జవాబు రాసే విడి రిజిస్టరు అవసరం. జీఎస్టీలో మరో హద్దుంది: జవాబు రాకపోయినా, సరుకు పంపిన ఆరు నెలలకల్లా ఇన్‌వాయిస్ ఇచ్చి తీరాలి.