పాత ఉగాది ఫొటోకి కొత్త సంవత్సరం పేరు: అక్షరాలు చెరిపి, వెనక బొమ్మను మళ్లీ ఇలా నింపండి

పండగ గ్రీటింగ్ ఫొటోలకు ఆయుష్షు తక్కువ. ఉగాది ఫొటోలకైతే మరీ తక్కువ. 2023లో డౌన్‌లోడ్ చేసుకున్న బొమ్మ మీద ‘శోభకృత్’ అని ఉంటుంది. 2024కి అది క్రోధి, 2025కి విశ్వావసు, 2026కి పరాభవ. బొమ్మ బాగుంది, మామిడాకులు బాగున్నాయి, పచ్చడి గిన్నె బాగుంది, ఆ ఒక్క పేరే అడ్డం. పాత అక్షరాలు తీసేసి, వాటి కింద ఉండాల్సిన గోడనూ చెక్కనూ మళ్లీ నింపుకుంటే అదే ఫొటో ప్రతి ఏడాదీ వాడుకోవచ్చు. ఉచితంగా దొరికే గింప్ ప్రోగ్రామ్‌తో అది ఎలా చేయాలో చూద్దాం.

ముందు ఒక హద్దు. ఇది మీరు కొన్న ఫొటోకి, లేదా మార్పులు చేసుకోవచ్చని లైసెన్స్ చెప్పే ఫొటోకి మాత్రమే. స్టాక్ సైట్ శాంపిల్ మీద ఉండే వాటర్‌మార్క్, ఫొటోగ్రాఫర్ పేరు వేరే సంగతి. హక్కుదారు ఎవరో చెప్పే సమాచారాన్ని తెలిసి తెలిసి అనుమతి లేకుండా తీసేస్తే మన కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఇంకో మాట, డౌన్‌లోడ్‌తో పాటు పీఎస్‌డీ ఫైల్ కూడా వచ్చిందేమో చూడండి. అందులో అక్షరాలు విడి లేయర్‌గా ఉంటే దాన్ని ఆఫ్ చేస్తే చాలు, మిగతా పనేమీ అక్కర్లేదు. చేతిలో ఉన్నది జేపీజీ ఒక్కటే అయితే ముందుకు పదండి.

మన ఉదాహరణ

3000×2000 పిక్సెళ్ల ఫొటో అనుకుందాం. పైన మసకగా కనిపించే పసుపు గోడ, కింద చెక్క బల్ల, కుడివైపు పచ్చడి గిన్నె. తెల్లటి అక్షరాలు మూడు వరుసల్లో ఉన్నాయి. ‘శ్రీ శోభకృత్ నామ సంవత్సర’ గోడ మీద, ‘ఉగాది’ సరిగ్గా గోడా బల్లా కలిసే అంచు మీద, ‘శుభాకాంక్షలు’ బల్ల చెక్కల మీద. అక్షరాలకు కుడి కింది వైపు మెత్తని నీడ కూడా ఉంది.

ఇక్కడ చాలామంది అక్షరాలన్నిటి చుట్టూ ఒక పెద్ద డబ్బా గీసి మొత్తం నింపేస్తారు. అలా చేయకండి. తెలుగు అక్షరాలు గుండ్రన, వాటి కడుపులో చిన్న చిన్న కిటికీల్లాంటి ఖాళీలుంటాయి. ఆ ఖాళీల్లో అసలు చెక్క, అసలు గోడ కనిపిస్తూనే ఉంటాయి. చెక్క గీత ఎటు పోతోంది, వెలుగు ఎక్కడ తగ్గుతోంది అన్నదానికి మీకున్న సాక్ష్యం అవే. వాటిని కాపాడుకుంటే మిగతాది ఊహించడం తేలిక.

అక్షరాలను ఎంచుకోవడం

ఫొటో తెరవగానే లేయర్‌కు ఒక కాపీ తీసుకుని దాని మీదే పని చేయండి. ఫజీ సెలెక్ట్ టూల్‌తో ఒక అక్షరం మీద నొక్కండి. తర్వాత Shift పట్టుకుని మిగతా అక్షరాలు ఒక్కొక్కటీ నొక్కుతూ పోండి. తెలుగులో ఇక్కడో చిక్కుంది. ఒత్తులు, కొన్ని ఫాంట్లలో తలకట్లు అక్షరానికి అంటకుండా విడిగా ఉంటాయి. అక్షరం మీద నొక్కితే అవి సెలెక్షన్‌లోకి రావు. ‘త్స’ కింద ఒత్తు, ‘క్ష’ కింద ఒత్తు విడివిడిగా నొక్కాలి. లేకపోతే అన్నీ పోయాక గోడ మీద ఒంటరిగా ఒక సకార ఒత్తు వేలాడుతూ మిగులుతుంది.

తర్వాత Select > Grow తెరిచి 8 పిక్సెళ్లు ఇవ్వండి. జేపీజీ ఫొటోను 8×8 గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. అందుకే తెల్లని అక్షరం పక్కనున్న గోడ కూడా కాస్త చెడి, చుట్టూ మురికి చుక్కల్లా ఉంటుంది. అక్షరాన్ని మాత్రమే తీసేస్తే ఆ చుక్కలే దాని ఆకారాన్ని గీసి చూపిస్తాయి. అలాగని 30, 40 పెంచితే లోపలి కిటికీలు మూసుకుపోతాయి. నీడ ఉన్న కుడి కింది వైపు మాత్రం ఫ్రీ సెలెక్ట్ టూల్ తీసుకుని, Shift పట్టుకుని చేత్తో గీసి కలపండి.

ముందు క్లోన్, తర్వాత హీల్

క్లోన్ టూల్ ఒకచోటి పిక్సెళ్లను ఉన్నవి ఉన్నట్టు ఇంకోచోట వేస్తుంది. హీల్ టూల్ నేతను తెచ్చి, రంగును మాత్రం కొత్త చోటి చుట్టుపక్కలకు తగ్గట్టు మార్చుకుంటుంది. అందుకే తెల్లటి అక్షరం మీద నేరుగా హీల్ వాడితే ఆ తెలుపే పక్కలకు పాకి పొగ పట్టినట్టవుతుంది. ముందు క్లోన్‌తో తెలుపు మొత్తం కప్పేయాలి. అతుకులు సర్దడానికి మాత్రమే హీల్.

మొదలుపెట్టాల్సింది కష్టమైన చోటే, అంటే ‘ఉగాది’ కప్పేసిన గోడ-బల్ల అంచు దగ్గర. అక్షరాలు లేని చోట అదే అంచు మీద Ctrl పట్టుకుని నొక్కితే అది మూలం అవుతుంది. ఆ అంచును కొత్త అంచుకు సరిగ్గా ఆనించి పెయింట్ చేయండి. అంచు ఒక్క గీతలా కలిసిందా లేదా 200 శాతం జూమ్‌లో చూసుకోండి. రెండు పిక్సెళ్లు తేడా వచ్చినా బల్ల విరిగినట్టు కనిపిస్తుంది.

చెక్క మీద మూలాన్ని ఎప్పుడూ అదే పలక నుంచి, పక్కనుంచి తీసుకోండి. పైనుంచి గానీ కిందనుంచి గానీ వద్దు. బల్ల మనవైపు వస్తున్నకొద్దీ పలకలు వెడల్పవుతాయి, గీతలు లావవుతాయి. దూరపు పలకను దగ్గరికి తెస్తే గీతలు సన్నగా పడి తేడా తెలిసిపోతుంది. పక్కనుంచి తెచ్చినప్పుడు వెలుగు కాస్త మారితే దాన్ని హీల్ సర్దుతుంది. చెక్కలో ముడి ఉంటే దాన్ని తప్పించండి. ఒకే ముడి రెండుచోట్ల కనిపిస్తే ఎవరైనా పట్టేస్తారు.

మసక గోడ తేలిక అనిపిస్తుంది గానీ మోసం చేసేది అదే. మసకగా ఉన్నా దానిలో కెమెరా నాయిస్ సన్నని ఇసకలా ఉంటుంది. స్మడ్జ్, బ్లర్ టూల్స్‌తో రుద్దితే ఆ ఇసక పోయి ప్లాస్టిక్ మచ్చలా మిగులుతుంది. క్లోనే వాడండి, బ్రష్ హార్డ్‌నెస్ 50 నుంచి 75 మధ్య ఉంచండి. మరీ మెత్తని బ్రష్‌తో పదేపదే పూసినా నాయిస్ అరిగిపోతుంది.

ఫోన్‌లో కుదరదా?

స్నాప్‌సీడ్‌లో హీలింగ్ టూల్ ఉంది. గోడ మీది చిన్న అక్షరాలకు సరిపోతుంది. జూమ్ చేసినకొద్దీ బ్రష్ చిన్నదవుతుంది. కానీ మూలం ఎక్కడినుంచి తీసుకోవాలో మనం చెప్పలేం, అదే ఎంచుకుంటుంది. అంచు మీదా చెక్క మీదా అది తరచూ తప్పుతుంది. ఆ రెండు వరుసలకూ కంప్యూటరే మేలు.

పోయిందో లేదో తెలిసేదెలా

సెలెక్షన్ తీసేసి, ఇంకో కాపీ లేయర్ మీద Colors > Curves తెరిచి గీతను బాగా నిలువుగా లాగండి. ఫొటో వికారంగా మారుతుంది, కానీ మామూలుగా కనపడని నీడ ముక్కలు అక్షరాల రూపంలో బయటపడతాయి. ఫోన్ తెర మీద కనపడని ఈ దెయ్యపు అక్షరాలే ఫ్లెక్సీ ప్రింట్‌లో లేచి వస్తాయి. వాటిని సర్దాక ఆ పరీక్ష లేయర్‌ను తీసేయండి. ఒకసారి ఫొటోను అడ్డంగా తిప్పి కూడా చూడండి. అలవాటైన కంటికి దొరకని రిపీట్‌లు అప్పుడు దొరుకుతాయి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మనం వెనకున్నదాన్ని తిరిగి తేవడం లేదు, ఉండి ఉండాల్సినదాన్ని వేస్తున్నాం. గోడకీ చెక్కకీ అది చెల్లుతుంది. అక్షరాలు మనిషి ముఖాన్నో చేతివేళ్లనో కప్పేస్తే ఆ ఫొటో వదిలేసి ఇంకోటి వెతుక్కోవడమే నయం.

చివరగా, కొత్త పేరు వేయకముందే ఈ ఖాళీ బొమ్మను ఎక్స్‌సీఎఫ్ ఫైల్‌గా సేవ్ చేసుకోండి. కొత్త అక్షరాలు విడి లేయర్‌లో వేసి, పంపడానికి మాత్రం జేపీజీ తీసుకోండి. 2027లో ప్లవంగ వచ్చినప్పుడు ఈ పనంతా మళ్లీ ఉండదు, ఆ లేయర్‌లో పేరు మారిస్తే చాలు.