తార షడ్జానికి గొంతులో ఏం జరుగుతుంది?

కంఠమణికి కాస్త కింద వేలు ఆనించి మధ్య షడ్జం నుంచి తార షడ్జం దాకా పాడండి. అక్కడి చిన్న సందు ఇరుకవడం చాలామందికి తెలుస్తుంది. థైరాయిడ్, క్రికాయిడ్ అనే మృదులాస్థులను క్రికోథైరాయిడ్ కండరం ముందువైపు దగ్గరకు లాగుతుంది. దాంతో స్వరతంత్రులు సాగి బిగుస్తాయి. సెకనుకు 130 సార్లు కంపించేవి 260 సార్లు కంపిస్తాయి.

వీణ తీగ బిగించినట్టే. కాకపోతే ఈ తీగలోనే ఒక కండరం ఉంది, థైరోఅరిటినాయిడ్. క్రికోథైరాయిడ్ సడలినప్పుడు అది తంత్రిని పొట్టిగా, మందంగా చేసి స్థాయిని దించుతుంది. ఇంకా దిగాలంటే మెడ ముందరి కండరాలు స్వరపేటికనే కిందికి లాగుతాయి.

థైరాయిడ్ ఆపరేషన్‌లో క్రికోథైరాయిడ్‌కు వెళ్లే సన్నని నరం దెబ్బతింటే, మాట దాదాపు మామూలుగానే ఉండొచ్చు. పాడబోతేనే బయటపడుతుంది, పై స్వరాలు అందవు.