చార్టు మారినా పంట రంగు మారకూడదు

ఒక నివేదికలో పది చార్టులున్నా, పాఠకుడు రంగుల సూచికను శ్రద్ధగా చదివేది మొదటి చార్టు దగ్గరే. అక్కడ పత్తిని ఎరుపులో చూసినవాడు తర్వాత ఎక్కడ ఎరుపు కనబడినా పత్తే అనుకుంటాడు. చార్టులు గీసే చాలా సాఫ్ట్‌వేర్లు మాత్రం రంగును పేరును బట్టి కాక వరుసను బట్టి ఇస్తాయి. చిక్కంతా అక్కడే.

పైథాన్ భాషలో వాడే ప్లాట్లీ ఎక్స్‌ప్రెస్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని సహజ వరుసలో మొదటి నాలుగు రంగులు నీలం, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా. డేటాలో ముందు కనిపించిన పేరుకు నీలం, రెండోదానికి ఎరుపు దక్కుతాయి. రాష్ట్రం మొత్తానికి గీసిన సాగు విస్తీర్ణం చార్టులో వరి, పత్తి, మొక్కజొన్న, మిర్చి ఇదే క్రమంలో ఉంటే పత్తి ఎరుపవుతుంది. పత్తి పండని జిల్లాను ఫిల్టర్‌లో ఎంచుకోగానే రెండో స్థానం మొక్కజొన్నది, ఎరుపూ దానిదే. మిర్చి ఊదా నుంచి ఆకుపచ్చకు మారుతుంది. అంకెలన్నీ సరిగ్గానే ఉంటాయి, ఏ హెచ్చరికా రాదు. అయినా పత్తి లేని జిల్లాలో పత్తి ఉందని పాఠకుడు పొరబడతాడు.

దీనికి పరిష్కారం ప్రతి పేరుకూ ఒక రంగును ముందే రాసిపెట్టి, అన్ని చార్టులకూ ఆ ఒక్క పట్టికనే ఇవ్వడం.

```python
colors = {
    "వరి": "#009E73",
    "పత్తి": "#0072B2",
    "మొక్కజొన్న": "#E69F00",
    "మిర్చి": "#D55E00",
}
px.bar(df, x="year", y="area", color="crop",
       color_discrete_map=colors)
```

ఈ పట్టికను ఫిల్టర్ వేయక ముందున్న పూర్తి డేటా నుంచి తయారుచేయాలి. ఫిల్టర్ తర్వాత మిగిలిన పేర్లతో ప్రతిసారీ కొత్తగా కడితే పాత తప్పే తిరిగి వస్తుంది. పై నాలుగు రంగులూ ఒకబే, ఇటో రూపొందించిన వర్ణమాలలోవి. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారికి కూడా అవి విడివిడిగా కనిపిస్తాయి.

పట్టిక ఉన్నా జారిపోయే చోటు ఒకటుంది. డేటాలో ఒకచోట పత్తి చివర ఖాళీ స్పేస్ చేరితే ప్లాట్లీ దాన్ని వేరే పంటగా భావించి, సహజ వరుసలోని రంగు ఇస్తుంది. పట్టికలో లేని కొత్త పంటకూ ఇదే జరుగుతుంది. అందుకే గీసే ముందు, పట్టికలో లేని పేర్లేమైనా డేటాలో ఉన్నాయేమో చూడాలి:

```python
set(df["crop"]) - set(colors)
```

ఫలితం `set()` అని వస్తే అన్ని పేర్లకూ రంగు ఉన్నట్టే.

పంటలు ఎనిమిదికి మించితే కన్ను రంగులను పోల్చుకోలేదు. అప్పుడు చిన్న పంటలను ‘ఇతర’ కింద చేర్చి బూడిద రంగు ఇవ్వవచ్చు. కానీ ఏవి చిన్నవో రాష్ట్రం మొత్తం డేటాతో ఒక్కసారే తేల్చాలి. జిల్లా జిల్లాకూ విడిగా తేల్చితే బూడిద రంగు ఒక్కోచోట ఒక్కో పంటల గుంపును సూచిస్తుంది. నివేదిక పూర్తయ్యాక ఒక్కో పంటనూ ఫిల్టర్‌తో తీసేసి, మిగిలినవాటి రంగులు కదలలేదని చూసుకున్న తర్వాతే దాన్ని పాఠకుడి చేతికివ్వాలి.