బాత్రూమ్ గుమ్మం దగ్గర ఎవరి పని ఎక్కడ ఆగాలి?

ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతుంటే స్లాబులు, గోడలు లేచేదాకా లెక్క ఒక్కరిదే. ప్రధాన కాంట్రాక్టరు పోసిన కాంక్రీటు, పేర్చిన ఇటుక కళ్లకు కనిపిస్తాయి. ప్లాస్టరింగ్, టైల్స్ పనిని ఒక సబ్‌కాంట్రాక్టరుకి అప్పగించగానే చిక్కు మొదలవుతుంది. ఒకరి పని మీద ఇంకొకరి పని అంగుళం మందంలో కూర్చుంటుంది. ఆ అంగుళం ఎవరిదో ఒప్పందంలో రాయకపోతే దాన్ని ఎవరూ చేయరు, లేదా ఇద్దరూ బిల్లు పెడతారు.

చాలా ఒప్పందాల్లో పని పరిధి ఒకే వాక్యంలో ముగిసిపోతుంది: ‘ప్లాస్టరింగ్, టైల్స్ పని మొత్తం, సంబంధిత పనులన్నీ కలుపుకుని, చదరపు మీటరుకి ఇంత.’ ఈ వాక్యంలో ప్రమాదమంతా ‘సంబంధిత’ అన్న మాటలోనే ఉంది. కరెంటు పైపుల కోసం గోడలో కొట్టిన గాడులు పూడ్చడం సంబంధిత పనేనా? కాంక్రీటు స్తంభం, ఇటుక గోడ కలిసేచోట పగుళ్లు రాకుండా కొట్టే కోళ్ల మెష్ ఎవరు కొనాలి? పూత పట్టుకోవడానికి నున్నటి కాంక్రీటు మీద గాట్లు ఎవరు పెట్టాలి? ప్రధాన కాంట్రాక్టరు మనిషి ‘అది పూతలో భాగమే’ అంటాడు. మేస్త్రీ ‘గోడ సిద్ధం చేసి ఇవ్వడం మీ పని సార్’ అంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే దాన్ని కాగితం మీదే తేల్చుకోవాలి.

మంచి క్లాజు పని పేరు దగ్గర ఆగకుండా దాని మొదలు, చివర కూడా చెబుతుంది. ఉదాహరణకు ఇలా: ‘గాడులను సిమెంటుతో పూడ్చి గోడ ముఖానికి సమంగా చేయడం ప్రధాన కాంట్రాక్టరు పని. అతుకుల మీద అటూ ఇటూ 15 సెం.మీ. చొప్పున మెష్ కొట్టడం సబ్‌కాంట్రాక్టరు పని, మెష్, మేకులు ప్రధాన కాంట్రాక్టరు ఇవ్వాలి.’ ఎవరికి ఏది అప్పగించాలన్నది బేరం. ఒక్కో పనికి ఒక్క పేరే ఉండాలన్నది మాత్రం బేరం కాకూడదు.

గోడ వంకరగా ఉంటే? లోపలి పూత మామూలుగా 12 మి.మీ. గోడ నిలువు తప్పి ఒకచోట లోపలికి వాలితే అక్కడ పూత 25 మి.మీ. దాటవచ్చు. అప్పుడు సిమెంటు, ఇసుక రెట్టింపవుతాయి, ఒకే పూతలో అంత మందం నిలవదు, రెండు విడతలుగా వేయాలి. రేటు మాత్రం 12 మి.మీ.కే కుదిరింది. దీనికి మందు, పని మొదలయ్యే ముందే ఇద్దరూ గుండు దారం వేసి చూసి, గది గదికీ సంతకం పెట్టే అప్పగింత కాగితం. ఇంత మందం వరకు ఒప్పందం రేటే, ఆపైన ప్రతి మిల్లీమీటరుకి అదనంగా ఇంత అని క్లాజులో ఉండాలి. సంతకం లేకుండా పూత మొదలుపెట్టిన మేస్త్రీకి తర్వాత ‘గోడ వంకర’ అని చెప్పుకోవడానికి ఆధారం ఉండదు. అప్పటికి గోడ కనపడదు మరి.

అసలు పరీక్ష బాత్రూమ్ నేల మీదే. అక్కడ స్లాబును కిందికి దించి పోస్తారు. ఆ గుంటలో పైపులు, వాటర్‌ఫ్రూఫింగ్, ఫిల్లింగ్, దాని మీద సిమెంటు పరుపు, చివరికి టైల్. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి ఉంటాయి, చేసేవాళ్లు మాత్రం వేరు. ‘ఫిల్లింగ్ ప్రధాన కాంట్రాక్టరుది, టైల్స్ సబ్‌కాంట్రాక్టరుది’ అని రాస్తే సరిపోయినట్టే అనిపిస్తుంది. సరిపోదు. ఫిల్లింగ్ ఎంత మట్టం దగ్గర ఆగాలో అందులో లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. గుమ్మం నుంచి నీళ్లు పోయే నహానీ ట్రాప్‌కి 2 మీటర్లు. నీటి వాలు 80కి 1 అనుకుంటే, ట్రాప్ దగ్గర నేల గుమ్మం దగ్గరకన్నా 25 మి.మీ. కిందికి ఉండాలి. ఫిల్లింగ్‌ని గుమ్మం దగ్గరి పూర్తయిన నేల మట్టానికి 50 మి.మీ. కింద సమంగా ఆపారనుకుందాం. గుమ్మం దగ్గర 10 మి.మీ. టైల్ పోగా పరుపుకి 40 మి.మీ. మిగులుతుంది. ట్రాప్ దగ్గర 15 మి.మీ. మిగులుతుంది. పని నడుస్తుంది. అదే ఫిల్లింగ్ 20 మి.మీ. ఎక్కువ వేశారనుకోండి, ట్రాప్ దగ్గర పరుపుకి చోటే లేదు, 5 మి.మీ. తక్కువ పడుతుంది. మేస్త్రీ ఫిల్లింగ్ తవ్వాలి, లేదా వాలు తగ్గించాలి. తవ్వితే కూలి ఎవరు ఇస్తారన్న గొడవ కాబట్టి సాధారణంగా వాలే తగ్గుతుంది. కొన్నాళ్లకి మూలన నీళ్లు నిలుస్తాయి.

కాబట్టి క్లాజు ఇలా ఉండాలి: ‘ఫిల్లింగ్ పైమట్టం గుమ్మం దగ్గరి పూర్తయిన నేలకు 50 మి.మీ. కింద, 5 మి.మీ. తేడాకి మించకుండా, ప్రధాన కాంట్రాక్టరు ఇవ్వాలి. వాలు సబ్‌కాంట్రాక్టరు తన పరుపులో ఇవ్వాలి.’ తనకు అందిన మట్టాన్ని కొలిచి, తప్పుంటే పని మొదలుపెట్టే ముందే రాతపూర్వకంగా చెప్పే బాధ్యత కూడా సబ్‌కాంట్రాక్టరుదే అని చేర్చాలి.

వాటర్‌ఫ్రూఫింగ్ విషయంలో సరిహద్దు తేదీతో పడుతుంది. నీళ్లు నిలిపి చూసే పరీక్ష, సాధారణంగా 48 గంటలు, ఇద్దరి ముందూ జరగాలి. కింది అంతస్తు సీలింగ్ తడవలేదని సంతకాలయ్యాక, పొర మీద సుత్తి, మేకు దెబ్బ పడితే అది పని చేస్తున్నవాడి ఖాతాలోకి పోతుంది. ఈ పరీక్ష లేకుండా టైల్స్ వేస్తే, లీకు వచ్చినప్పుడు పొరలో లోపమా, టైల్స్ వాళ్ల దెబ్బా అని తేల్చడం కష్టం. టైల్స్ పగలగొట్టి చూడాలి, ఆ ఖర్చు మీద మరో తగువు.

కొలతల్లో కూడా ఇలాంటి సందు ఉంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1200, 12వ భాగం ప్రకారం, అర చదరపు మీటరు లోపు ఖాళీలకు ప్లాస్టరింగ్ కొలతలో కోత లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా, రెండు వైపులా ఒకే పూత ఉంటే, ఒక వైపే తగ్గిస్తారు. రెండో వైపు తగ్గించకపోవడమే కిటికీ లోపలి అంచుల పూతకి ప్రతిఫలం. 1.2 మీటర్ల చదరపు కిటికీ అంటే 1.44 చదరపు మీటర్లు. 23 సెం.మీ. గోడలో దాని నాలుగు అంచులు కలిపితే సుమారు 1.1. ఈ ప్రమాణం పాటిస్తూనే ‘అంచులకు రన్నింగ్ మీటరు లెక్కన వేరే’ అని రేట్ల పట్టికలో ఉంటే, ఒకే పనికి రెండుసార్లు డబ్బు వెళ్తుంది. ప్రమాణం ప్రస్తావించకుండా ఖాళీ మొత్తం కోసేస్తే అంచుల పని ఉచితంగా పోతుంది. ఏ పద్ధతి వాడతారో ఒక్క పంక్తిలో రాస్తే చాలు.

ప్లంబరు తర్వాత వచ్చి టైల్ పగలగొడితే మళ్లీ వేయడం, పరంజా, నీళ్లు, కరెంటు, పై అంతస్తుకి సరుకు ఎక్కించడం, రాలిన మొరం కిందికి దించడం. ఇవన్నీ పట్టికగా పెట్టి, ఎదురుగా ఒక్కో పేరు రాయాలి. పగిలిన టైల్ మళ్లీ వేయడానికి వేరే రేటు ముందే అనుకోవాలి.

పట్టికలో లేని పని తప్పకుండా ఒకటి వస్తుంది. దానికి భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 70వ సెక్షన్ కొంత ఆసరా: ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా చేసిన పని ఫలితాన్ని మరొకరు అనుభవిస్తే, పరిహారం చెల్లించాలి. 1961లో బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు, చెల్లుబాటయ్యే ఒప్పందం లేకుండా బెంగాల్ ప్రభుత్వానికి కట్టడాలు కట్టిన సంస్థకి ఈ సెక్షన్ కిందే డబ్బు వచ్చేలా చేసింది. కానీ ఆ పనికి ఒప్పందంలోనే రేటు ఉందని తేలితే ఈ సెక్షన్ పనిచేయదు. ‘సంబంధిత పనులన్నీ కలుపుకుని’ అని సంతకం పెట్టిన సబ్‌కాంట్రాక్టరు దాన్ని నమ్ముకోలేడు. పట్టికలో లేని పని ఎదురైతే సైటు ఇంజనీరు రాసి ఇచ్చాకే మొదలుపెట్టాలని, ఏడు రోజుల్లో రేటు తేల్చాలని, తేలేదాకా చేసిన పనికి రోజు కూలి లెక్కన, ఇద్దరి సంతకాలున్న రోజువారీ చీటీల మీద చెల్లించాలని రాసుకుంటే, ఆ పని కోర్టుదాకా వెళ్లకుండా బిల్లులోనే తేలుతుంది.