ఫిర్యాదు రాని డ్రైవరు మంచి డ్రైవరేనా?

మార్చి నెలాఖరుకు కంపెనీల్లో ఇంక్రిమెంట్ల కాగితాలు బల్లల మీద తిరుగుతుంటాయి. సేల్స్ వాళ్లకు టార్గెట్లుంటాయి, స్టోర్స్ వాళ్లకు స్టాకు లెక్కలుంటాయి. డ్రైవర్ల దగ్గరికి వచ్చేసరికి అడ్మిన్ ఆఫీసరు చూసేది మాత్రం ఒక్కటే. ఈ ఏడాది ఇతని మీద ఎన్ని కంప్లయింట్లు వచ్చాయి? రాకపోతే ‘బాగుంది’, నాలుగొస్తే ‘మెరుగుపడాలి’. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది.

విశాఖ పక్కన పరవాడ ఫార్మాసిటీలో ఒక మధ్యతరహా కంపెనీ ఉందనుకుందాం. దానికి ఇద్దరు డ్రైవర్లు. ఒకతను టెంపో ట్రావెలర్ నడుపుతాడు. ఎంవీపీ కాలనీలో మొదలుపెట్టి ఎన్ఏడీ, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా పదకొండు మంది స్టాఫ్‌ను పొద్దున తీసుకొచ్చి సాయంత్రం దించుతాడు. ఇంకొకతను డైరెక్టరు గారి ఇన్నోవా నడుపుతాడు. ఏడాదిలో ట్రావెలర్ డ్రైవరు మీద నాలుగు ఫిర్యాదులొచ్చాయి. ఇన్నోవా డ్రైవరు మీద ఒక్కటీ లేదు.

ముందు ఆ నాలుగూ ఏ లెక్కలోంచి వచ్చాయో చూద్దాం. రోజుకు రెండు ట్రిప్పులు, నెలకు 26 రోజులు, ట్రిప్పుకు పదకొండు మంది. ఏడాదికి దాదాపు 6,800 సార్లు ఎవరో ఒకరు ఆ బండెక్కి దిగారు. ఇన్నోవా ఎక్కేది ఒక్కరే. ఆయన కూడా ఫోన్లోనో ఫైల్లోనో తల దూర్చి కూర్చునే మనిషి. రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టడమే తప్పు.

ఇక ఆ కాగితాలు తెరిస్తే, ఒకటి ఏసీ చల్లగా లేదని. ఒకటి 20 నిమిషాలు ఆలస్యమైందని. ఆ రోజు గాజువాక జంక్షన్లో ట్రాఫిక్ స్తంభించింది. ఒకటి తన వీధి మలుపులో ఆపలేదని. అక్కడ స్టాపు లేదు. నాలుగోది, మరీ నెమ్మదిగా నడుపుతున్నాడని. పెద్ద లారీలు తిరిగే ఆ హైవే మీద ఇదో మెచ్చుకోలు అనే నేనంటాను. డ్రైవింగు గురించి నిజంగా ఏమైనా చెప్పిన ఫిర్యాదు ఈ నాలుగింటిలో లేదు.

ఫిర్యాదులు పక్కన పెడితే మరి దేన్ని చూడాలి? ఇప్పుడు చాలా కంపెనీ బండ్లలో జీపీఎస్ పరికరం ఉంటోంది. అది బండి ఎక్కడుందో చెప్పడంతో ఆగదు, సడన్ బ్రేకుల్నీ లెక్కపెడుతుంది. పరికరాన్ని బట్టి హద్దు కొంచెం మారుతుంది గానీ, ఒక్క సెకనులో వేగం గంటకు 10 నుంచి 14 కిలోమీటర్ల మేర పడిపోతే దాన్ని సడన్ బ్రేకుగా రాసుకుంటుంది. మన కంపెనీలో ట్రావెలర్ మీద వెయ్యి కిలోమీటర్లకు 9, ఇన్నోవా మీద 31 వచ్చాయనుకుందాం. మొత్తం ఎన్ని అని కాకుండా వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని అని చూడటం ముఖ్యం. లేకపోతే ఎక్కువ దూరం తిరిగినవాడే ఎప్పుడూ దోషిగా తేలతాడు.

ఇంత తేడా కనబడగానే తీర్పు రాసేయకూడదు. ఒక్కో సడన్ బ్రేకు వెనక ఒక్కో కథ ఉంటుంది. ఆటో అడ్డమొచ్చి ఉండొచ్చు, ఆవు ఎదురై ఉండొచ్చు. పరికరం సరిగ్గా బిగించకపోతే గుంతలో పడిన కుదుపునూ బ్రేకుగా రాసుకుంటుంది. అందుకే వారానికోసారి ఆ జాబితా పట్టుకుని డ్రైవరుతోనే కూర్చోవాలి. చోటు, టైము చెబితే చాలావరకు వాళ్లకు గుర్తుంటుంది. “అది కూర్మన్నపాలెం దగ్గర సార్, బస్సు దిగినావిడ ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చేసింది” అంటాడు. అలాంటిది అప్పుడప్పుడూ ఎవరికైనా ఎదురవుతుంది. ప్రతి వారం, రకరకాల చోట్ల, ముప్ఫై దాకా ఎదురవుతున్నాయంటే ముందు బండికి మరీ దగ్గరగా నడుపుతున్నాడని అనుమానించాలి.

అనుమానం తీర్చుకునేందుకు సులువైన దారి, రెండు వారాలు బండ్లు మార్చి ఇవ్వడం. ఇన్నోవా డ్రైవరు ట్రావెలర్ ఎక్కినా అంకె 24 దగ్గరే ఉండి, ట్రావెలర్ డ్రైవరు ఇన్నోవా ఎక్కినా 11 దాటలేదంటే, తేడా బండిదీ రోడ్డుదీ కాదు. చేతి అలవాటుది. రెండు వారాలు తక్కువ సమయమే. అయినా బండి మారినా ఆ అంకె మనిషి వెంటే నడిచిందా లేదా అన్నది తెలియడానికి అది చాలు.

పక్కసీట్లో కూర్చుని చూడటం కూడా అవసరమే. పరీక్ష అని తెలిస్తే మొదటి పది నిమిషాలు అందరూ బుద్ధిగా నడుపుతారు, కాబట్టి గంట ప్రయాణంలో చివరి అరగంటే చూడాలి. ముందు వెళ్తున్న బండి ఒక కరెంటు స్తంభం దాటగానే మనసులో నూట ఒకటి, నూట రెండు, నూట మూడు అని లెక్కపెట్టండి. ఒక్కోటి పలకడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. మూడూ అయ్యేలోపే మన బండి ఆ స్తంభం దగ్గరికొచ్చేస్తే దూరం చాలదన్నమాట. 60 కిలోమీటర్ల వేగంలో ఆ మూడు సెకన్లంటే 50 మీటర్లు. వాన పడుతుంటే ఇంకొంచెం కావాలి. ‘జాగ్రత్తగా నడుపుతున్నాడా’ అనే గాలి ప్రశ్నకన్నా ఈ లెక్క నయం. పది చోట్ల చూసి, ఎన్ని చోట్ల దూరం సరిపోయిందో రాస్తే చాలు.

టైము విషయంలో కంపెనీలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆఫీసుకు చేరిన సమయాన్ని బట్టి డ్రైవరుకు మార్కులేస్తారు. చేరిన సమయంలో ట్రాఫిక్ ఉంది, ఎక్కడంలో ఆలస్యం చేసినవాళ్లున్నారు, రైల్వే గేటు ఉంది. డ్రైవరు చేతిలో ఉన్నది ఒక్క ఆక్సిలరేటరే. చేరిన సమయానికి మార్కులిస్తే అతను దాన్నే తొక్కుతాడు. అంటే ఒక కాగితంలో జాగ్రత్తకు మార్కులేస్తూ, ఇంకో కాగితంలో స్పీడుకు బహుమతి ఇస్తున్నామన్నమాట.

అందుకని ట్రిప్ షీట్లో ఒక టైము బదులు నాలుగు రాయించాలి: బండి వచ్చి నిలబడ్డ సమయం, మనిషి ఎక్కిన సమయం, కదిలిన సమయం, చేరిన సమయం. మొదటిదే డ్రైవరుది. చెప్పిన టైముకు పది నిమిషాల ముందు, బండి తుడిచి, డీజిలు చూసుకుని నిలబడ్డాడా లేదా అన్నంతవరకే అతని సమయపాలన. మిగతా మూడూ కంపెనీ చూసుకోవాల్సినవి.

మన ఇన్నోవా షీట్లు ఇలా రాయిస్తే అసలు సంగతి బయటపడింది. బండి ప్రతిరోజూ 8 గంటల 10 నిమిషాలకు గుమ్మం ముందుంది. డైరెక్టరు గారు 8.20కి ఎక్కాలి, సగటున 8.38కి ఎక్కుతున్నారు. మీటింగ్ టైముకు మాత్రం ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. ఆ పద్దెనిమిది నిమిషాలు ఎక్కడ పూడాయి? రోడ్డు మీద. “కొంచెం తొందరగా పోనీవయ్యా” అన్న మాట వెనకసీట్లోంచి వస్తే కాదనే డ్రైవరు అరుదు. 31 సడన్ బ్రేకుల్లో కొన్నయినా ఆ సీటు ఖాతాలో పడాలి.

డ్యూటీ చార్టు కూడా ఈ షీట్ల పక్కనే పెట్టి చూడాలి. రాత్రి పదకొండున్నరకు ఎయిర్‌పోర్టు నుంచి ఎవరినో దించి ఇంటికి పోయిన డ్రైవరును మళ్లీ తెల్లవారుజామున నాలుగున్నరకు రమ్మంటే, అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే నేనైతే మార్కు కొట్టేయను. అసలు ఆ ట్రిప్పుకు అతన్ని పిలవను.

బండి సంరక్షణ అనగానే బండి తళతళలాడుతోందా అని చూస్తారు. తుడిచిన బండిని చూసి మోసపోవడం తేలిక. ఇక్కడ నేను నమ్మేది రెండు పుస్తకాల్ని. ఒకటి డ్రైవరు బండిలో కనిపెట్టిన లోపాలు రాసే పుస్తకం, రెండోది సర్వీసింగులో షెడ్డువాళ్లిచ్చే జాబ్ కార్డు. రెంటినీ పక్కపక్కన పెట్టండి. ముందు బ్రేకు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి ఇనుము ఇనుముకు రాసుకుంటోందని షెడ్డువాళ్లు రాశారు, డ్రైవరు పుస్తకంలో నెల ముందు కూడా ‘బ్రేకు కీచుమంటోంది’ అన్న ముక్క లేదు. అంటే అతను వినలేదు, లేదా విని ఊరుకున్నాడు. అదే, ‘ఎడమ ముందు టైరు అంచు అరుగుతోంది’ అని మూడుసార్లు రాసినా అలైన్‌మెంటుకు డబ్బు మంజూరు కాలేదంటే, ఆ టైరు నష్టం అకౌంట్స్ సెక్షన్‌ది. ఆరు నెలలు ఖాళీగా ఉన్న లోపాల పుస్తకం మంచి సంరక్షణకు గుర్తు కాదు. ఎవరూ బానెట్ ఎత్తి చూడలేదనడానికే గుర్తు.

టైరు కూడా కొంత చెబుతుంది. రెండంచులూ అరిగితే గాలి తక్కువతో నడిచింది, మధ్యలో అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంటు తేడా, అది డ్రైవరు తప్పని వెంటనే అనలేం. గాలి మాత్రం బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవడం అతని పనే. మైలేజీని ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు లెక్కగట్టి, అదే బండి గత నెలలతోనే పోల్చాలి. సారు మీటింగులో ఉన్నంతసేపూ ఏసీ వేసి ఉంచమంటే మైలేజీ పడిపోతుంది. ఆ డీజిలు డ్రైవరు తాగలేదు.

ఇలా అన్నంత మాత్రాన ఫిర్యాదులు పనికిరావని కాదు. నడుపుతూ ఫోన్ పట్టుకోవడం, కునికిపాట్లు పడటం, ఆడవాళ్లతో మాట తూలడం జీపీఎస్‌కు కనబడవు, బండిలో ఉన్నవాళ్లకే కనబడతాయి. అలాంటి ఫిర్యాదు ఒక్కటొచ్చినా మార్చి దాకా ఆగకుండా ఆ రోజే విచారించాలి. మద్యం సంగతి అంతకన్నా ముందే, తాళం చేతికిచ్చేటప్పుడే తేలాలి. చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంటుంది. కంపెనీ గేటు దగ్గర మాత్రం సున్నా తప్ప ఇంకో అంకె ఒప్పుకోకూడదు.

కోపమొచ్చినవాళ్లు రాసేదాకా ఎదురుచూడకుండా, నెలకోసారి కొందరు ప్రయాణికుల్ని మనమే అడగడం మంచిది. ‘డ్రైవరు ఎలా ఉన్నాడు’ అని అడిగితే ‘బానే ఉన్నాడండీ’ అంటారు. ఈ వారం నడుపుతూ ఫోన్ తీశాడా, బెల్టు పెట్టుకోమన్నాడా, దింపేటప్పుడు రోడ్డు ఏ పక్కన ఆపాడు, అని అడిగితే జవాబులో పనికొచ్చేది ఉంటుంది.

‘ఏడాదంతా కంప్లయింటు, డ్యామేజీ లేకపోతే బోనస్’ అనే పద్ధతి ఉంటే దాన్ని ఎత్తేయడమే మేలు. ఆ బోనస్ ఉన్నచోట గీతలు పడ్డ బంపరును సొంత డబ్బుతో రంగు వేయించి దాచేస్తారు. చిన్న డ్యామేజీని అదే రోజు వచ్చి చెప్పినవాడికి మార్కు తగ్గకూడదు.

ఈ లెక్కన పరవాడ డ్రైవర్లిద్దరి కాగితాలు ఇలా తయారవుతాయి. ట్రావెలర్ డ్రైవరుకు డ్రైవింగులో, టైములో మంచి మార్కులు. లోపాల పుస్తకం మాత్రం మూడు నెలలుగా ఖాళీ, కాబట్టి అక్కడ తక్కువ. ఇన్నోవా డ్రైవరుకు టైములో పూర్తి మార్కులు, బండి సంరక్షణలో మంచివి, డ్రైవింగులో తక్కువ. అంకెలు చూపించి, అతని మాట కూడా అదే కాగితం మీద రాసి, సంతకం తీసుకుంటారు. వచ్చే మూడు నెలల్లో సడన్ బ్రేకులు వెయ్యికి 15 లోపుకు రావాలని అతనికో లక్ష్యం పెడతారు. ఆ లక్ష్యం అందాలంటే ఇంకో పని కూడా జరగాలి. డైరెక్టరు గారి సెక్రటరీ పొద్దున మీటింగులను ఇరవై నిమిషాలు వెనక్కి జరిపి క్యాలెండర్లో రాయాలి.